వచ్చిన మందు ఎప్పుడు వెళ్లింది?

ఆ ఆస్పత్రిలో ఎవరిని కదిపినా ఈ కథే చెప్తారు. కత్తెరమ్మకి విభాగం హెడ్డు సీటు దక్కలేదట, ఆ కడుపుమంటతో హెడ్డు గారి కేసు రిపోర్టు పట్టుకుని బారెడు ఉన్నదాన్ని మూరెడు చేసి పారేసిందట. క్యాంటీన్‌లో మొదలైనప్పుడు కథ ఇంతే. మందుల గది దాకా వచ్చేసరికి ఆవిడ కాగితాలు చింపి హెడ్డు మొహాన కొట్టింది. లిఫ్టు నడిపే ఆయన చెవిన పడేసరికి ఆవిడ చేతిలోకి నిజం కత్తెరే వచ్చి చేరింది.

నిజానికి ఆవిడ చేతిలో ఉండేది ఎర్ర సిరా పెన్ను. జనరల్ మెడిసిన్ విభాగంలో తలలు నెరిసిన డాక్టర్లలో ఆవిడ ఒకతె. గది వరండా చివర, విరిగిన స్ట్రెచర్లు పడేసే కొట్టు పక్కన. విభాగంలో ఎవరు ఏ రిపోర్టు రాసినా వైద్య పత్రికకు పంపేముందు అది ఆ గదికి రావాలి. వచ్చినప్పుడు బొద్దుగా వస్తుంది, వెళ్లేటప్పుడు ఎముకలు కనిపిస్తాయి. అందుకే ఆ పేరు. పేరు పెట్టిన పీజీ డాక్టరు ఎవరో ఆవిడకి తెలుసు. అతని రిపోర్టు కూడా అందరి రిపోర్టుల్లాగే కోసింది, ఒక్క మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు.

కోపం మాత్రం ఆవిడకి ముక్కు మీదే ఉండేది. ఇంట్లో అత్తగారు ఆ మాట ఎదురుగానే అనేది. కత్తెరమ్మ భర్త రైలింజను నడుపుతూ వారంలో సగం రోజులు పట్టాల మీదే ఉంటాడు కాబట్టి, ఆ ఇంట్లో అత్తాకోడళ్లే ఒకరికొకరు కాలక్షేపం. "వాడి ఇంజనుకన్నా నీకే ఆవిరి ఎక్కువ" అనేది పెద్దావిడ. ఆవిడకి డిటెక్టివ్ నవలల పిచ్చి. చదివిన ప్రతి నవలనీ కోడలికి చెప్పేది, కోడలు మధ్యలో అడ్డం పడేది: ఆ తోటమాలి మొదటి అధ్యాయంలో వచ్చాడు కదా, తర్వాత ఏమయ్యాడు? అత్తగారికి ఒళ్లు మండేది. "హంతకుడు దొరికాడు కదే, తోటమాలితో నీకేం పని?"

కోడలికి తోటమాలితోనే పని. పీజీలకు మొదటి రోజే చెప్పే సూత్రం ఒక్కటే. మీ కథలోకి ఒక మందు వచ్చిందంటే, ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్లిందో రెండూ చెప్పాలి. రావడం చెప్పి పోవడం చెప్పకపోతే ఆ కథ నమ్మడానికి లేదు. అందుకని ఏ రిపోర్టు వచ్చినా ముందు ఒక తెల్ల కాగితం మీద అడ్డంగా గీత గీసేది. రోగం ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఎప్పుడు పడింది, ఏది ఎప్పుడు ఆగింది, రోగి ఎప్పుడు తేరుకున్నాడు, అన్నీ ఆ గీత మీద చుక్కలుగా పొడిచేది. ఆ తర్వాతే వాక్యాల జోలికి వెళ్లేది.

అలా ఒకరోజు ఆవిడ బల్ల మీదికి ఎక్కిళ్ల రిపోర్టు వచ్చింది.

రాసింది రెండో ఏడాది పీజీ చదివే చిన్న డాక్టరమ్మ. రాయించింది హెడ్డు గారు. రోగి ఒక సెలూన్ యజమాని. నడుంనొప్పికి బయట ఎక్కడో స్టెరాయిడ్ మాత్రలు వాడుతుండగా ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నీళ్లు తాగినా, ఊపిరి బిగబట్టినా, మామూలు మందులు వేసినా ఆగలేదు. తిండి లేదు, నిద్ర లేదు. వార్డులో చేరాక పక్క మంచం ఆయన, నిన్నెవరో గట్టిగా తలుచుకుంటున్నారయ్యా అంటే, ఒకణ్ణి సగం గడ్డంతో కుర్చీలో వదిలేసి వచ్చానండీ, వాడే అయ్యుంటాడు అన్నాడట సెలూనాయన, ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య. హెడ్డు గారు రౌండ్‌కి వచ్చి, నరాల నొప్పులకు వాడే ఒక క్యాప్సూల్ రాశారు. ఎక్కిళ్లు తగ్గాయి. మనిషి ఇంటికి వెళ్లాడు. రిపోర్టు పేరు: మొండి ఎక్కిళ్లకు నరాల మందు, అద్భుత ఫలితం. వచ్చే నెల వైద్యుల సభలో హెడ్డు గారు మాట్లాడబోయేది కూడా దాని మీదే.

కాస్త భాష సరిచేసి, బిగువుగా చేసి ఇవ్వమన్నారు హెడ్డు గారు. అంతే పని.

కత్తెరమ్మ గీత గీసింది. స్టెరాయిడ్ వచ్చింది. ఎక్కిళ్లు వచ్చాయి. నరాల మందు వచ్చింది. ఎక్కిళ్లు పోయాయి. మరి స్టెరాయిడ్ ఎప్పుడు పోయింది? రిపోర్టు మొదట్లో కనిపించిన మాత్ర, అత్తగారి నవలలో తోటమాలిలాగా, మళ్లీ ఎక్కడా కనబడలేదు.

చిన్న డాక్టరమ్మని పిలిపించింది. ఆ అమ్మాయి రిపోర్టులో వైద్యమంతా ముఖ్యమైన మందు ముందు, చిల్లర మందులు తర్వాత అన్న వరసలో రాసింది. ఏది ముఖ్యమో తేల్చింది హెడ్డు గారు. అది విని కత్తెరమ్మ పెన్ను మూత టక్కున పెట్టింది.

"పెళ్లి విందు కాదమ్మా, ముఖ్యమైనవాళ్లని ముందు కూర్చోబెట్టడానికి. ఏది ముందు జరిగిందో అది ముందు రాయి. వెళ్లి కేసు షీటు చూసి రా."

ఆ అమ్మాయి వెళ్లి చూసి వచ్చింది. రౌండ్‌కి ముందు రోజు సాయంత్రం డ్యూటీ డాక్టరు స్టెరాయిడ్ ఆపేశాడు. ఎక్కిళ్ల కోసం కాదు, రోగికి షుగర్ పెరిగిందని. తెల్లారేసరికి ఎక్కిళ్లు పలచబడ్డాయని, రోగి టీ తాగాడని నర్సు రాసింది. నరాల మందు మొదటి క్యాప్సూల్ పడింది ఆ టీ తర్వాత.

అంటే దొంగ గోడ దూకి పోయాక పోలీసు వచ్చాడు. పతకం పోలీసుకి.

కత్తెరమ్మకి అప్పుడు వచ్చిన కోపం మామూలు కోపమే. ఇలాంటివి చూడటం అలవాటే. స్టెరాయిడ్ వల్ల కొందరికి ఎక్కిళ్లు వస్తాయన్నది కొత్త సంగతి కూడా కాదు, పుస్తకాల్లో ఉన్నదే. వరస మార్చి రాసుకుని రమ్మని, రోగి చేత ఒప్పుకోలు సంతకం చేయించావా అని అడిగింది. ఎవరి కేసు గురించి రాసినా వాళ్ల ఒప్పుకోలు ఉండాలి. చేయించలేదట. అయితే ఆయన్ని పిలిపించు, ఏం జరిగిందో ఆయన నోటితో కూడా విందాం అంది.

సెలూనాయన రెండు రోజుల తర్వాత వచ్చాడు. ఆయన గుమ్మంలోకి రాకముందే వరండాలోంచి చప్పుడు వినిపించింది.

ఎక్కిళ్లు.

వెంట భార్య ఉంది. మాట్లాడింది ఆవిడే, ఆయనకి మాట పూర్తయ్యే పరిస్థితి లేదు. మళ్లీ నడుం పట్టేసిందట. బస్టాండు పక్క క్లినిక్‌కి వెళ్లారట. అక్కడి డాక్టరు, ఇంతకుముందు ఆస్పత్రిలో ఏం జరిగిందో చూపించండి అంటే డిశ్చార్జి కాగితం చూపించారట. ఆయన శ్రద్ధగా చదివి, స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చాడట. మర్నాడే ఎక్కిళ్లు మొదలు. గడ్డం గీస్తుండగా ఎక్కిలి వచ్చి పాత ఖాతాదారు చెవి తెగింది. పెద్ద గాయం కాదు, కానీ వార్త పెద్దదయింది. ఇప్పుడు కుర్చీలో కూర్చునే నాథుడు లేడు. వీధి అంతా ఎదురు షాపుకి పోతోంది.

"ఆ క్లినిక్ డాక్టర్ని అడగండమ్మా ఏం ఇచ్చాడో" అంది ఆవిడ. "మా ఆయన చేతిలో ఉన్నది కత్తి. గరిటె కాదు."

కత్తెరమ్మ డిశ్చార్జి కాగితం తీసుకుని చదివింది. ఎక్కిళ్లు, నరాల మందుతో నయమైనవి. స్టెరాయిడ్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. క్లినిక్ డాక్టరు తప్పేముంది? చదవడమైతే చదివాడు పాపం. రాయాల్సిన ఆస్పత్రే రాయలేదు.

మాత్రలు అప్పుడే ఆపించింది. వాడింది కొద్దిరోజులే కాబట్టి ఆపడానికి భయం లేదు. నడుంనొప్పికి వేరే మందు రాసింది. ఎక్కిళ్లకి మాత్రం ఏదీ రాయలేదు. ఏదైనా ఇవ్వండమ్మా అని ఆయన చేతులు జోడించినా, రెండు రోజులు ఓపిక పట్టండి, ఊరికే తగ్గుతాయేమో చూద్దాం, తగ్గకపోతే నేనే వార్డులో చేర్చుకుంటాను అంది. తగ్గాయి. మూడో రోజు ఆయనే ఫోన్ చేసి, ఒక్క ఎక్కిలి కూడా లేకుండా చాలాసేపు మాట్లాడాడు. ఆఖర్న, నాకో కాగితం రాసివ్వండమ్మా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించుకుంటాను అన్నాడు.

డిశ్చార్జి కాగితం మార్చాలంటే దాని మీద సంతకం పెట్టిన హెడ్డు గారే మళ్లీ పెట్టాలి. కత్తెరమ్మ అడగడానికి వెళ్లింది. చూద్దాం అన్నారాయన. ముందు రిపోర్టు పంపండి అన్నారు. మళ్లీ వెళ్లింది. ఇప్పుడు దాన్ని కదిపితే సభలో నేనేం మాట్లాడాలి, సభ అయ్యాక మారుద్దాం అన్నారు.

ఈసారి ఆవిడకి వచ్చింది మామూలు కోపం కాదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా బల్ల ముందు కూర్చుంది. అత్తగారు అన్నం పెట్టి పిలిచింది, లేవలేదు. రిపోర్టు చివర, కేసు నుంచి ఏం తేలిందో చెప్పే చర్చ భాగం మొత్తం తనే తిరగరాసింది. స్టెరాయిడే కారణమని రాసింది. నరాల మందు ఎక్కిళ్లకు పనిచేయదని, ఈ రోగికి రెండోసారి ఎక్కిళ్లు వచ్చినప్పుడు ఆ మందు ఆపలేకపోవడమే సాక్ష్యమని రాసింది. నడుంనొప్పికి స్టెరాయిడ్‌లు ఎడాపెడా రాసే క్లినిక్‌లను దులిపేసింది. పెద్ద డాక్టర్ల మాటకి ఎదురు చెప్పలేని వార్డుల్లో ఇలాంటివి రోజూ జరుగుతాయని, డిశ్చార్జి కాగితాలు రాసే పద్ధతే మారాలని రాసింది. అక్షరం అక్షరం నిప్పుకణిక. చదువుకుంటే తనకే కడుపు చల్లబడింది.

"హంతకుడు దొరికాడా?" అంది అత్తగారు, చల్లారిన అన్నం ముందు పెడుతూ.

"దొరికాడు."

"మరి తోటమాలి?"

కోడలు కంచం దగ్గరికి లాక్కుంది. ఆకలి మీద ఉంది.

మర్నాడు హెడ్డు గారి గదిలో ముగ్గురు: హెడ్డు గారు, కత్తెరమ్మ, తలుపు దగ్గర చిన్న డాక్టరమ్మ. హెడ్డు గారు చెడ్డ మనిషేం కాదు. రోగుల మంచం అంచున కూర్చుని మాట్లాడే డాక్టరు ఆ ఆస్పత్రిలో ఆయనొక్కడే. కానీ తను రాసిన మందు పనిచేసిందంటే చిన్నపిల్లాడిలా పొంగిపోతాడు. అదే ఆయన జబ్బు.

కాగితాలు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మిమ్మల్ని భాష చూడమన్నాను. వైద్యం కాదు."

"భాషే చూశానండీ. ఏ రోజు ఏం జరిగిందో వరసలో పెట్టాను. వరసలో పెడితే మీ మందు పడకముందే ఆయన టీ తాగాడు."

"కాస్త మెరుగు పెట్టడానికి ఇంత రాద్ధాంతమా?"

"మెరుగు పెట్టడం వేరు, మసిపూసి మారేడుకాయ చేయడం వేరు." ఆవిడ గొంతు వరండాలోకి వినిపించింది. క్యాంటీన్ కథ పుట్టింది బహుశా అక్కడే. "మీ సభ కోసం ఆయన కాగితంలో అబద్ధం ఉండిపోతే, రేపు మళ్లీ నడుం పడుతుంది, మళ్లీ ఎవరో అదే మాత్ర రాస్తారు. ఈసారి చెవి కాదు, గొంతు తెగుతుంది. అప్పుడు మీరు సభలో ఉంటారు."

హెడ్డు గారి మొహం జేవురించింది. తర్వాత ఆవిడ రాసిన చర్చ పేజీ మీద వేలు పెట్టారు.

"సరే. నేను రాసింది కేసు చెప్పినదానికంటే ఎక్కువంటారు. ఒప్పుకుంటాను. మరి ఇదేమిటి? నరాల మందు పనిచేయదని ఎలా తేల్చారు? రెండోసారి ఎక్కిళ్లు వచ్చేనాటికి ఆయన ఆ క్యాప్సూల్ వేసుకుంటున్నాడా?"

కత్తెరమ్మ వేసుకుంటున్నాడనే అనుకుంది. డిశ్చార్జి కాగితంలో నెల రోజులు వాడాలని ఉంది. అడగలేదు.

తలుపు దగ్గరి నుంచి చిన్న డాక్టరమ్మ నెమ్మదిగా అంది. "లేదు సర్. ఇంటికి వెళ్లిన కొద్దిరోజులకే ఆపేశాడట. మత్తుగా ఉండి చెయ్యి తూలుతోందని. ఒప్పుకోలు సంతకం చేయించేటప్పుడు చెప్పాడు."

వచ్చిన మందు ఎప్పుడు వెళ్లింది? ఇన్నేళ్లుగా పీజీల చేత వల్లె వేయించిన ప్రశ్న. ఆ చుక్క తన గీత మీద తనే పొడవలేదు.

"క్లినిక్‌లు ఎడాపెడా రాస్తున్నాయని ఒక్క రోగిని చూసి ఎలా చెప్తారు?" అన్నారు హెడ్డు గారు. ఇప్పుడు గొంతులో కోపం తగ్గి కాస్త సంతోషం కూడా వినిపించింది, అదే ఆవిడకి మరీ మంటగా ఉంది. "ఆ క్లినిక్ ఆయన మన కాగితం చదివే రాశాడని మీరే అంటున్నారు. ఇక ఈ వార్డుల సంగతి. అది రిపోర్టా, నా మీద ఫిర్యాదా?"

"ఫిర్యాదే" అంది కత్తెరమ్మ.

"అయితే వేరే కాగితం మీద ఇవ్వండి. తీసుకుంటాను."

ఆయన మాట నిజమే. దానికే ఆవిడకి పళ్లు పటపటమన్నాయి. తప్పు చేసినవాడు ఒప్పు మాట చెప్తే వినడం అంత తేలికా? చేదు మందు మింగొచ్చు, శత్రువు చేత్తో తాగించుకోవడమే కష్టం. ఆవిడ ఎర్ర పెన్ను మూత తీసింది. రాత్రంతా రగిలిపోతూ రాసిన పేజీని, మొదటి వాక్యం నుంచి, నిలబడే కొట్టేసింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కింది కాగితం మీద కూడా గాడి పడింది. స్టెరాయిడే కారణం అన్నచోట 'కారణమై ఉండే అవకాశం ఎక్కువ' అని మార్చింది. మందు మొదలుపెట్టాక వచ్చాయి, ఆపితే తగ్గాయి, మళ్లీ ఇస్తే మళ్లీ వచ్చాయి, రెండోసారి ఎక్కిళ్లకు ఏ మందూ ఇవ్వకుండానే తగ్గాయి, ఈ కేసు చూపించేది ఇంతే. నరాల మందు ఎక్కిళ్లకు పనిచేస్తుందో లేదో ఈ కేసు చెప్పలేదు, మొదటిసారి తగ్గడం అది పడకముందే మొదలైంది కాబట్టి.

తర్వాత పెన్ను ఆయన వైపు తిప్పి బల్ల మీద పెట్టింది.

"నాది అయింది. ఇక మీది."

ఆయన పెన్ను వంక చూశారు. తలుపు వంక చూశారు, అక్కడ పీజీ అమ్మాయి ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఎదుటివాళ్లు రాసింది ఎక్కువని కొట్టేయించాక తను రాసింది ఎలా ఉంచుకుంటారు? రిపోర్టు పేరు కొట్టేశారు. 'అద్భుత ఫలితం' కొట్టేశారు. మొండి ఎక్కిళ్లకు అందరూ ఈ మందే ముందు వాడాలన్న సలహా కొట్టేశారు. ఒక్కోటి కొడుతూ, పన్ను పీకించుకుంటున్నవాడిలా మొహం పెట్టారు. ఆఖర్న కత్తెరమ్మ కొత్త డిశ్చార్జి కాగితం ముందు పెట్టింది, అది ఆవిడ ముందే సిద్ధం చేసుకుని తెచ్చింది. స్టెరాయిడ్‌తో రెండుసార్లు ఎక్కిళ్లు వచ్చాయి, మళ్లీ ఇచ్చేముందు ఆలోచించాలి అని అందులో ఉంది. చదివి సంతకం పెట్టారు. ఆ సభలో మాట్లాడటానికి వేరే విషయం వెతుక్కుంటాను, మీరు వెళ్లొచ్చు అన్నారు, తల ఎత్తకుండా.

ఆవిడ వెళ్తూ కృతజ్ఞత చెప్పలేదు. తలుపు కూడా కాస్త గట్టిగానే వేసింది.

సెలూనాయన ఆ కాగితం నకలు తీయించుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. చెవి తెగిన ఖాతాదారు మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు, మొదట్లో భయంగా. ఫిర్యాదు కాగితం కత్తెరమ్మ వేరేగా రాసి ఇచ్చింది. హెడ్డు గారు అన్నమాట ప్రకారం తీసుకున్నారు. దానిమీద ఏమీ చేయలేదు. ఆవిడ నెలకోసారి గుర్తుచేస్తోంది, ఇప్పటికీ కోపంగానే.

రిపోర్టు అచ్చయింది. చిన్న డాక్టరమ్మ పేరు ముందు, తర్వాత హెడ్డు గారిది, ఆ తర్వాత ఆవిడది. బారెడు రిపోర్టు మూరెడు అయిన మాట నిజమే. క్యాంటీన్‌లో దాని గురించి ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు, కత్తెర ఈమధ్య గొడ్డలి అయిందని విన్నాను.

ఆ రిపోర్టులోంచి కోసేసిన వాటిలో అన్నిటికన్నా పొడుగైన ముక్క, కత్తెరమ్మ తన చేత్తో రాసుకున్నదే.